రాత్రి ఎనిమిదిన్నరకి మా నెట్ ఎవరు మింగేస్తున్నారు? రౌటర్‌లో చూసి పట్టుకోవడం ఎలా?

గోదారిగట్టు
మాది రాజమండ్రి. లోకల్ కేబుల్ ఆయన దగ్గర ఫైబర్ కనెక్షన్. మామూలప్పుడు డౌన్‌లోడ్ 75, అప్‌లోడ్ 18 వస్తాయి. మా ఆవిడ రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఎనిమిదిన్నర అయిందంటే చాలు, "మేడమ్, వాయిస్ కట్ అవుతోంది" అని పిల్లలు వరసగా మెసేజీలు. ఆవిడకి మాత్రం వాళ్ళ మాటలు బాగానే వినిపిస్తాయి. పదిన్నర, పదకొండుకి మళ్ళీ అంతా మామూలే. దసరా రోజుల్లో ఏడున్నరకే మొదలయ్యేది, అప్పుడు క్లాసు మొత్తం పోయేది. ఈ నవంబరులో ఎనిమిదిన్నరకి మారింది.

ఇంట్లో అనుమానమంతా మా వాడి గేమ్ మీదే. వాడు ఇంటర్ ఫస్టియర్. నాలుగు రోజులు ఫోన్ లాక్కున్నాం, అయినా తేడా లేదు. వాడు అలిగి నాతో మాట్లాడటం మానేశాడు. ఇంకెవరినీ ఊరికే అనుమానించదల్చుకోలేదు. ఏ ఫోన్, ఏ యాప్ ఎంత వాడుతోందో రౌటర్లో చూడొచ్చంటారు కదా, ఎక్కడ చూడాలో చెప్పండి. కేబుల్ ఆయన ఇచ్చిన పెట్టె ఒకటి ఉంది. దాని వెనక మా మేనల్లుడు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసిచ్చిన రౌటర్ ఇంకోటి ఉంది.

పాలకొల్లు_శీను
పక్కింటోళ్ళు మీ వైఫై వాడేస్తున్నారండి, అంతే. పాస్‌వర్డ్ మార్చి చూడండి.

బిల్లుపుస్తకం
నాకూ ఇదే గొడవ. నెలలో ఇరవయ్యో తారీఖు కల్లా స్పీడ్ 2కి పడిపోతుంది. 3300 జీబీ దాటితే అంతేనంట. టాపప్ చేయించుకోండి, సరిపోతుంది.

సిరిసిల్ల_లక్ష్మి
బిల్లుపుస్తకం గారూ, ఆయనది కోటా అయిపోయిన కథ కాదు. కోటా అయిపోతే పొద్దున గూడ స్లోగనే ఉంటది. ఈయనకు రాత్రి రెండు గంటలే ఇబ్బంది.

తీగలకట్ట
గోదారిగట్టు గారూ, అసలు ఆధారం మీ పోస్టులోనే ఉంది. మేడమ్ గారి మాట పిల్లలకి తెగుతోంది, పిల్లల మాట మేడమ్‌కి బాగా వస్తోంది. అంటే మీ ఇంట్లోకి వచ్చే దారి ఖాళీగా ఉంది, ఇంట్లోంచి బయటికి పోయే దారి నిండిపోతోంది. నెట్ స్లో అనగానే అందరూ ఎవరు డౌన్‌లోడ్ చేస్తున్నారా అని వెతుకుతారు. మీరు వెతకాల్సింది ఎవరు పంపుతున్నారని.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. లాప్‌టాప్‌ని వైఫైతో కాకుండా వైరుతో మీ రౌటర్‌కి తగిలించి, ఎనిమిదింపావుకి ఒకసారి, ఎనిమిదీ ముప్పై అయిదుకి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి రెండూ రాసుకోండి. పక్కన ఇంకో విండోలో ఇది నడుస్తూ ఉండాలి.

```
ping -t 8.8.8.8
```

వైరు ఎందుకంటే, వైఫై సిగ్నల్ గొడవని నెట్ గొడవగా పొరబడకుండా ఉండటానికి.

పాలకొల్లు_శీను
గేమ్ కూడా పంపుతుంది కదండి? ఆన్‌లైన్ గేమ్ అంటే ఊరికే ఏం నడవదు, బోలెడు డేటా లాగుతుంది.

తీగలకట్ట
ఆడుతున్నంతసేపూ గేమ్‌కి పట్టే డేటా చాలా తక్కువ. ఆటగాడు ఎటు కదిలాడు, ఎటు కాల్చాడు అన్న చిన్న చిన్న కబుర్లే అటూ ఇటూ వెళ్తాయి. మొబైల్ గేమ్ గంటసేపు ఆడినా సాధారణంగా వంద ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. పదుల జీబీలు లాగేది కొత్త గేమ్ దించుకున్నప్పుడో, అప్‌డేట్ వచ్చినప్పుడో. అది కూడా డౌన్‌లోడే, అప్‌లోడ్ కాదు. ఈ విషయంలో అబ్బాయి నిర్దోషే అనుకుంటున్నా.

గోదారిగట్టు
చేశాను. ఎనిమిదింపావుకి డౌన్‌లోడ్ 74, అప్‌లోడ్ 17.6, పింగ్ 12 నుంచి 14. ఎనిమిదీ ముప్పై అయిదుకి డౌన్‌లోడ్ 61, అప్‌లోడ్ 2.1. పింగ్ 280 నుంచి 400 మధ్య ఊగుతోంది, నడుమ నడుమ `Request timed out` కూడా వచ్చింది. మీరన్నట్టు అప్‌లోడే.

శీను గారూ, పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. తేడా లేదు. పైగా అమ్మ ఫోన్లో, నాన్న ఫోన్లో, టీవీలో మళ్ళీ అన్నిట్లో కొట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది.

తీగలకట్ట
పింగ్ 13 నుంచి 400కి ఎగబాకిందంటే అప్‌లోడ్ దారి ముందు క్యూ కట్టిందన్నమాట. మేడమ్ మాటలు ఆ క్యూలో వెనకాల నిలబడి ఆలస్యంగా వెళ్తున్నాయి. డౌన్‌లోడ్ కూడా కొంచెం తగ్గడం చూశారా? ఏదైనా దించుకునేటప్పుడు "అందింది, అందింది" అని అవతలికి చిన్న కబుర్లు పంపుతూ ఉండాలి. అవి కూడా అదే క్యూలో ఇరుక్కుంటాయి.

ఇక ఎవరు పంపుతున్నారో చూద్దాం. మీ రౌటర్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళి ఇవి కొట్టండి.

```
opkg update
opkg install luci-app-nlbwmon iftop
```

అయ్యాక బ్రౌజర్లో రౌటర్ పేజీ మళ్ళీ తెరిస్తే మెనూలో `Bandwidth Monitor` అని కొత్తగా కనబడుతుంది. ఏ పరికరం ఎంత దించింది, ఎంత పంపింది అని విడివిడిగా చూపిస్తుంది. వేసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది, నిన్నటి సంగతి దానికి తెలియదు. ఆ లెక్కని మామూలుగా ర్యామ్‌లో పెట్టుకుంటుంది కాబట్టి రౌటర్ ఆపి వేస్తే పోతుంది. రేపు రాత్రి దాకా కరెంటు తీయకండి.

కూకట్‌పల్లి_కిట్టు
అన్నా, నాకు గూడ గిట్లనే అయింది. మా ఇంట్ల విండోస్ లాప్‌టాప్ దొంగ. తన అప్‌డేట్ తను దించుకునుడే కాదు, దించుకున్నది నెట్ మీద వేరేటోళ్ళకు గూడ పంచుతుండె. సెట్టింగ్స్‌ల `Delivery Optimization` ల ఇంటర్నెట్‌ల ఉన్న పరికరాలకు గూడ పంపు అని పెట్టి ఉండె. తీసేసిన. మీరు గూడ ఒకసారి చూడుండ్రి.

గోదారిగట్టు
చూశాను కిట్టు గారూ, మా లాప్‌టాప్‌లో అది ఆఫ్‌లోనే ఉంది.

తీగలకట్ట గారూ, ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్ వేశాను. కానీ అది చూపించే లెక్కలు నాకు నమ్మబుద్ధి కావట్లేదు. పొద్దున్నించి లాప్‌టాప్‌లో మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేశాను. ఒక్కోదానికీ వంద ఎంబీ దాకా పోయుండాలి కదా. దాని పేరు పక్కన మొత్తం 9 ఎంబీ అని ఉంది. టీవీలో రెండు గంటలు సీరియళ్ళు చూశారు, దానికి 14 ఎంబీ. ఇదేం లెక్క?

పాలకొల్లు_శీను
ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఇంతేనండి. మంచి కంపెనీ రౌటర్ కొనుక్కోండి, యాప్‌లోనే అన్నీ చూపిస్తుంది.

తీగలకట్ట
సాఫ్ట్‌వేర్ తప్పు కాదండీ. మీ మేనల్లుడు స్పీడ్ కోసం ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్ చేసి ఉంటాడు. అది ఉంటే ఒక కనెక్షన్ మొదలైనప్పుడు మొదటి కొన్ని ప్యాకెట్లే మామూలు దారిలో వెళ్తాయి. ఆ తర్వాతవన్నీ అడ్డదారిలో పోతాయి. లెక్క రాసేవాడు మామూలు దారి దగ్గర కూర్చుని ఉంటాడు, అడ్డదారిలో పోయినవి వాడి కంట పడవు. అందుకే 300 ఎంబీ కాస్తా 9 అయింది. శీను గారు అన్న కంపెనీ రౌటర్లలోనూ ఇదే సంగతి. కొన్నిట్లో ట్రాఫిక్ లెక్క ఆన్ చేయగానే ఈ వేగం సదుపాయాన్ని అవే ఆపేస్తాయి.

`Network` → `Firewall` లోకి వెళ్ళి తీసేయొచ్చు. లేదా ఇలా:

```
uci set firewall.@defaults[0].flow_offloading='0'
uci set firewall.@defaults[0].flow_offloading_hw='0'
uci commit firewall
reboot
```

మీ 75 ఎంబీపీఎస్‌కి ఆ సదుపాయం లేకపోయినా ఈ రౌటర్ తట్టుకుంటుంది. మూడు వందలో, అయిదు వందలో ఉన్న కనెక్షన్ అయితే చిన్న రౌటర్లు నీరసపడతాయి, అప్పుడు లెక్క చూసుకున్నాక మళ్ళీ ఆన్ చేసుకోవాలి. తీసేశాక ఒక స్పీడ్ టెస్ట్ చేసి, దానికి తగ్గట్టు అంకె పెరిగిందో లేదో చూడండి. పెరిగితేనే ఆ లెక్కని నమ్మండి.

గోదారిగట్టు
పెరిగింది! టెస్ట్ చేయగానే లాప్‌టాప్ పక్కన 110 ఎంబీ వచ్చింది. రాత్రి చూసి చెబుతాను.

ఒక సందేహం. లిస్టులో పేరు లేని పరికరం ఒకటుంది. మ్యాక్ అడ్రస్ `a6:` తో మొదలవుతోంది. ఇంటర్నెట్లో వెతికితే ఏ కంపెనీదీ కాదంటోంది. పక్కింటోళ్ళదేమోనని ఇప్పుడు నాకూ భయం వేస్తోంది.

సిరిసిల్ల_లక్ష్మి
గాబరా పడకుండ్రి. రెండో అక్షరం 2, 6, a, e లల్ల ఏదైనా ఉంటే అది ఫోన్ సొంతంగ కల్పించుకున్న అడ్రస్. ఆండ్రాయిడ్ 10 కాడికెల్లి, ఐఫోన్లు ఐఓఎస్ 14 కాడికెల్లి గట్లనే చేస్తున్నయి. ఇంట్ల ఒక్కొక్కరి ఫోన్‌ల వైఫై ఆఫ్ చేసుకుంట పోండ్రి, ఏది ఆపినప్పుడు లిస్టుల మాయమైతదో అదే.

గోదారిగట్టు
అమ్మ ఫోన్! లక్ష్మి గారూ, చాలా థాంక్స్.

ఇక రాత్రి లెక్క. ఎనిమిదిన్నరకి ఒక ఫోటో, తొమ్మిదిన్నరకి ఒక ఫోటో తీసుకుని, రెండిట్లో అంకెల తేడా లెక్కేశాను. ఆ గంటలో మా ఆవిడ లాప్‌టాప్ పంపింది 290 ఎంబీ. అమ్మ ఫోన్ 40. మా వాడి ఫోన్ 35, ఆ గంటంతా గేమ్ ఆడమని నేనే చెప్పాను. టీవీ దించింది దాదాపు 2 జీబీ, పంపింది 22 ఎంబీ. మిగతావన్నీ కలిపి ఒక పదమూడు. అంతే! మొత్తం 400 ఎంబీ. దొంగ ఎవరూ లేరు. పింగ్ మాత్రం మళ్ళీ 350.

వాడికి సారీ చెప్పాను. మాట్లాడాడు.

పాలకొల్లు_శీను
చెప్పాను కదా, ఇంట్లో ఎవరూ కాదు. కేబుల్ ఆయనే. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా ఒకేసారి నెట్ వాడతారు, ఆయన దగ్గర లైను చాలదు. మా ఊళ్ళోనూ అంతే.

కూకట్‌పల్లి_కిట్టు
మీరు చెప్పింది పక్కింటోళ్ళు గదా శీనన్నా 🙂

తీగలకట్ట
శీను గారి మాట కొట్టిపారేయలేం, చాలా చోట్ల నిజంగానే అలా ఉంటుంది. కానీ కేబుల్ ఆయన మీదకి వెళ్ళేముందు ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. 18 ఎంబీపీఎస్ దారిలో గంటకి 8 జీబీ దాకా పంపొచ్చు. మీ రౌటర్ పంపింది 400 ఎంబీ. మిగతా ఏడున్నర జీబీ చోటు ఏమైపోయినట్టు? కేబుల్ ఆయన ఇవ్వకపోయి ఉండాలి. లేదంటే మీ రౌటర్ గుండా పోకుండా ఇంకెవరో వాడుకుని ఉండాలి. ఏ రౌటరైనా తన లోంచి పోయినదాన్నే లెక్కపెట్టగలదు.

రెండూ తేల్చేది కేబుల్ ఆయన పెట్టె. ఇలాంటి పెట్టెల్లో ఏ ఫోన్ ఎంత వాడిందో సాధారణంగా చూపించరు. కానీ చాలావాటి స్టేటస్ పేజీలో `WAN` దగ్గర మొత్తం ఎన్ని బైట్లు పంపింది, ఎన్ని అందుకుంది అన్న అంకెలు ఉంటాయి. లాగిన్ వివరాలు సాధారణంగా పెట్టె కింద స్టిక్కర్ మీద ఉంటాయి. రేపు ఎనిమిదీ నలభై నుంచి పది నిమిషాలకోసారి `Bytes Sent` రాసుకోండి. అదే సమయానికి మీ రౌటర్లో ఇది కూడా:

```
cat /sys/class/net/wan/statistics/tx_bytes
```

రెండూ ఒకేలా పెరిగితే దోషం కేబుల్ ఆయనదే కావచ్చు. పెట్టె అంకె ఎక్కువ పెరిగితే, ఇంట్లోనే ఇంకెవరో నేరుగా ఆ పెట్టెకి తగులుకుని ఉన్నారు.

సిరిసిల్ల_లక్ష్మి
ఒక్కటి చెప్పుండ్రి గోదారిగట్టు గారూ. శని, ఆదివారాలు గూడ గిట్లనే ఉంటదా? ఊరంతా వాడి నెట్ ఆగితే ఆదివారం ఇంకా ఎక్కువ ఆగాలె.

గోదారిగట్టు
శనివారం క్లాసు ఉంటుంది, కానీ ఎప్పుడూ గొడవ రాలేదు. ఇప్పటిదాకా నేను ఆ సంగతే గమనించలేదు! ఆదివారం క్లాసు లేదు కాబట్టి చెప్పలేను. ఆ రాత్రి సినిమా మాత్రం కొంచెం ఆగి ఆగి వస్తుంది.

అంకెలు ఇవిగో. కేబుల్ పెట్టెలో:

```
8:40   2914306552
8:50   4121870318
9:00   1031903022
```

మొదటి పది నిమిషాల్లో 120 కోట్ల బైట్లు పెరిగింది. అదే పది నిమిషాల్లో మా రౌటర్ పంపింది 58 ఎంబీ మాత్రమే. కానీ తొమ్మిదికి అంకె తగ్గిపోయింది. పెట్టె దానంతటదే రీస్టార్ట్ అయిందంటారా?

తీగలకట్ట
రీస్టార్ట్ అయితే నెట్ ఒకటి రెండు నిమిషాలు పోయేది, మీకు తెలిసేది. ఆ పెట్టెలో లెక్క 32 బిట్లది. 4294967295 దాకా ఎక్కి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, పాత స్కూటర్ మీటర్ అన్ని తొమ్మిదులూ దాటాక సున్నాకి తిరిగినట్టు. కాబట్టి తొమ్మిది గంటల అంకెకి 4294967296 కలిపి తీసివేయండి. 1205000000 వస్తుంది. అంటే రెండో పది నిమిషాల్లోనూ అంతే పెరిగింది. అదే మీరు గంటకోసారి చూసి ఉంటే మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో తెలియక లెక్క మొత్తం తప్పేది. అందుకే పది నిమిషాలన్నాను.

పది నిమిషాలకి 120 కోట్ల బైట్లంటే సెకనుకి 16 మెగాబిట్లు. మీ అప్‌లోడ్ 18. దాదాపు మొత్తం ఇంట్లోంచే పోతోంది, అందులో మీ రౌటర్‌ది ఒకటి కూడా లేదు. కేబుల్ ఆయన తప్పేమీ లేదు. ఆ పెట్టె వెనక్కి వెళ్ళి ఎన్ని వైర్లు ఉన్నాయో చూడండి.

గోదారిగట్టు
చూశాను. నాలుగు సాకెట్లలో ఒక వైరు మా రౌటర్‌కి. ఇంకోటి నల్లది ఉంది, దాని పక్కన ఆకుపచ్చ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోలేదు. గోడ వెంట మేకులు కొట్టిన దారిలో పైకి వెళ్ళి, అటక మీదుగా, హాల్లో టీవీ బీరువా వెనక దిగింది. చివర చూస్తే సీసీ కెమెరాల డీవీఆర్!

వేసవిలో మా వీధిలో దొంగతనం జరిగాక నాలుగు కెమెరాలు పెట్టించాం. బిగించినతను ఈ వైరు ఎప్పుడు లాగాడో కూడా నాకు గుర్తులేదు. అది టీవీకి తగిలించిన పెట్టె అనుకున్నానే గానీ, దానికి నెట్‌తో పనుందని తోచలేదు. ఇప్పుడే వైరు పీకాను. పింగ్ 370 నుంచి ఒక్కసారిగా 13కి దిగింది. మా ఆవిడ గదిలోంచి "ఏం చేశారు, బాగైంది!" అని కేకేసింది.

కానీ డీవీఆర్ దాని హార్డ్ డిస్క్‌లోనే కదా రికార్డు చేసేది? బయటికి ఎందుకు పంపుతోంది? అదీ రాత్రి ఎనిమిదిన్నరకే?

పాలకొల్లు_శీను
హ్యాక్ అయిందండి! వీడియోలన్నీ ఎవరికో పోతున్నాయి. వెంటనే పడేయండి.

సిరిసిల్ల_లక్ష్మి
ఆగుండ్రి ఆగుండ్రి. దసరా రోజులల్ల ఏడున్నర, నవంబర్ల ఎనిమిదిన్నర అని మొదటి పోస్టుల రాసిన్రు. సరిగ్గ ఒక గంట జరిగింది. శనివారం ఉండదు. మీ ఇంట్ల ఎవరన్న అమెరికాల ఉన్నరా? నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతరు. వాళ్ళ పొద్దుగాల తొమ్మిది మనకు అప్పటిదాక ఏడున్నర ఉండె, ఇప్పుడు ఎనిమిదిన్నర అయితది. డాలస్ దిక్కు లెక్క చెప్తున్న, మా అక్క అక్కడనే ఉంటది.

గోదారిగట్టు
లక్ష్మి గారూ, నాకు ఒళ్ళు జలదరించింది. మా అన్నయ్య డాలస్‌లోనే ఉంటాడు. కెమెరాలకి డబ్బులిచ్చింది ఆయనే. ఇప్పుడే ఫోన్ చేస్తాను.

తీగలకట్ట
శభాష్ లక్ష్మి గారూ. నాకది తట్టనే లేదు.

కూకట్‌పల్లి_కిట్టు
లక్ష్మక్కా, మా ఆఫీసుల కరెంటు ఎప్పుడు పోతదో గూడ జర చెప్పే 😀

గోదారిగట్టు
అన్నయ్యే. ఆఫీసుకి వెళ్ళగానే తొమ్మిదింటికి టాబ్లెట్‌లో యాప్ తెరిచి, నాలుగు కెమెరాలూ ఒకే స్క్రీన్ మీద పెట్టుకుని, మధ్యాహ్నం దగ్గర దాకా బల్ల మీద అలాగే ఉంచుతాడట. వేసవిలో నాన్న వరండా మెట్ల దగ్గర జారిపడ్డారు. అప్పటినుంచి ఆయన భోజనం చేసి, వరండాలో నడిచి, పడుకోవడానికి లోపలికి వెళ్ళేదాకా చూస్తే గానీ ఆయనకి పనిలో మనసు నిలవదట. "మీ నెట్ పాడుచేస్తున్నానని తెలియదురా, రేపటి నుంచి చూడను" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఆయన చూడటం ఆపకుండా, క్లాసు ఆగకుండా ఏదైనా దారి ఉందా?

తీగలకట్ట
చూడొద్దనకండి. డీవీఆర్ ఒక్కో కెమెరాకి రెండు రకాల వీడియో తయారు చేస్తుంది. ఒకటి మెయిన్ స్ట్రీమ్, అది డిస్క్‌లో రికార్డయ్యే పూర్తి నాణ్యతది. రెండోది సబ్ స్ట్రీమ్, దూరం నుంచి చూడటానికి చిన్నది. డీవీఆర్ మెనూలో `Encode` కింద చూడండి, మెయిన్ 4096 అని ఉంటుందని నా అంచనా. నాలుగు కెమెరాలంటే 16 మెగాబిట్లు, మీ పెట్టె లెక్కకి సరిగ్గా సరిపోతుంది. అన్నయ్య యాప్‌లో హెచ్‌డీ అని పెట్టుకుని ఉంటారు, దాన్ని ఎస్‌డీ చేయమనండి. సబ్ స్ట్రీమ్ 512 పెడితే నాలుగింటికీ కలిపి 2 మెగాబిట్లే. టాబ్లెట్ మీద నాలుగు గళ్ళలో చూసేటప్పుడు పెద్ద తేడా తెలియదు. ఏదైనా కెమెరాని పెద్దది చేసి చూసినప్పుడు మాత్రం హెచ్‌డీ నొక్కుకుంటారు.

రెండో పని, డీవీఆర్ వైరు కేబుల్ పెట్టెలోంచి తీసి మీ రౌటర్‌లో పెట్టండి. ఇకమీదట దాని లెక్క కూడా కనబడుతుంది.

శీను గారి భయంలో ఒక న్యాయం ఉంది. డీవీఆర్ పాస్‌వర్డ్ బిగించినతను పెట్టిందే అయితే ఇవాళే మార్చండి. మెనూలో `Online User` అని ఉంటే ఇప్పుడు ఎవరెవరు చూస్తున్నారో కూడా చూడండి.

గోదారిగట్టు
అంచనా సరిగ్గా సరిపోయింది, మెయిన్ 4096 అనే ఉంది. సబ్ స్ట్రీమ్ 512 పెట్టాను, అన్నయ్య యాప్‌లో ఎస్‌డీ చేశాడు.

వైరు మార్చడంలో ఒకరోజు పోయింది. మా రౌటర్‌కి తగిలించగానే అన్నయ్య యాప్‌లో ఆఫ్‌లైన్ అని వచ్చింది. ఆయన కంగారుపడి అక్కడ అర్ధరాత్రి ఫోన్ చేశాడు. చూస్తే డీవీఆర్‌లో `192.168.1.50` అని అడ్రస్ పాతుకుపోయి ఉంది. మా రౌటర్‌ది `192.168.10` వరస. డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో డీహెచ్‌సీపీ పెట్టగానే వచ్చేసింది.

నిన్న రాత్రి క్లాసు మొత్తం ఒక్కసారి కూడా తెగలేదు. డీవీఆర్ వరసలో గంటకి 900 ఎంబీ అప్‌లోడ్, పింగ్ 15 నుంచి 22.

ఒకటి మాత్రం మనసులో పీకుతోంది. `Online User` లో `admin` పేరు రెండుసార్లు ఉంది. పాస్‌వర్డ్ మార్చాక ఒకటే మిగిలింది, అది అన్నయ్యది. రెండోది ఎవరు? బిగించినతన్ని అడిగితే టెస్టింగ్‌కి తన ఫోన్లో పెట్టుకున్నానేమో, తీసేశాననుకుంటా అన్నాడు.

ఫ్రెమాంట్_రాణి
అదే అన్నయ్యగారి ఫోన్, టాబ్లెట్ రెండింట్లోనూ తెరిచి ఉన్నా రెండు పేర్లు కనబడొచ్చు కదా. నేనూ అమ్మవాళ్ళ ఇల్లు రెండింట్లో చూస్తాను. అయినా ఆయనకి ఇంకో యూజర్ తయారుచేసి, చూడటానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. `admin` ఎవరికీ ఇవ్వొద్దు. ఈ చర్చ చదివాక నేనూ ఇప్పుడే ఎస్‌డీ పెట్టాను. అమ్మ ఎప్పట్నుంచో రాత్రిపూట నెట్ సరిగా రాదంటుంటే కంపెనీ మార్చమని పోరుతున్నాను.

కూకట్‌పల్లి_కిట్టు
రౌటర్‌ల క్యూను సర్దే ఎస్‌క్యూఎం పెడితే అయిపోవు గదా తీగలకట్టన్నా? దాంట్ల `cake` పెట్టి అప్‌లోడ్ 16కు కట్టేస్తే ఎవరెంత పంపినా కాల్ ఆగది.

తీగలకట్ట
డీవీఆర్ ఇప్పుడు రౌటర్ వెనక ఉంది కాబట్టి పెట్టొచ్చు. ముందు పెట్టి ఉంటే ఏ ఉపయోగమూ ఉండేది కాదు, ఎస్‌క్యూఎం కూడా తన గుండా పోయినదాన్నే సర్దగలదు. పెడితే ఆఫ్‌లోడింగ్ ఆపే ఉంచాలి. నేనైతే సబ్ స్ట్రీమ్‌తోనే సరిపెట్టుకుంటాను, రౌటర్‌కి అదనపు పని దేనికని.

కూకట్‌పల్లి_కిట్టు
నేను ఒప్పుకోనన్నా. రేపు అన్నయ్య మర్చిపోయి హెచ్‌డీ నొక్కితే మళ్ళ గదే కథ. ఎస్‌క్యూఎం ఉంటే ఎవరూ ఏదీ యాది పెట్టుకునే పనిలేదు.

పాలకొల్లు_శీను
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆదివారం సినిమా ఎందుకు ఆగుతోందో ఎవరూ చెప్పలేదు. అది మాత్రం కేబుల్ ఆయనేనండి, రాసిస్తాను.

గోదారిగట్టు
శీను గారూ, ఈ ఆదివారం పది నిమిషాలకోసారి ఈసారి `Bytes Received` రాస్తాను. ఆ అంకెలు ఇక్కడే పెడతా. కిట్టు గారు చెప్పిన ఎస్‌క్యూఎం కూడా మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడు వేయించి చూస్తాను. అన్నయ్య ఇవాళ ఫోన్ చేసి, "నాన్న కొత్త చెప్పులు వేసుకున్నాడేంట్రా" అని అడిగాడు. ఎస్‌డీలోనే కనబడ్డాయట.